కరెంటు వచ్చాక గంట మోగాలా?

ఉదయం 10 గంటల 38 నిమిషాలు. బడిలో రెండో పీరియడ్ ముగియడానికి ఇంకా రెండు నిమిషాలుందనగా కరెంటు పోయింది. మళ్లీ 10:52కి వచ్చింది. ఈలోపు టీచర్లు చేతి గడియారాలు చూసుకుని క్లాసులు మారిపోయారు. హెడ్మాస్టర్ గదిలో గోడకు బిగించిన ఆటోమేటిక్ బెల్ కంట్రోలర్ ఇప్పుడే కళ్లు తెరిచింది. 10:40కి మోగాల్సిన గంట మోగలేదని దానికి తెలుసు. ఆలస్యంగానైనా మోగిస్తే మూడో పీరియడ్ మధ్యలో పిల్లలు పుస్తకాలు సర్దేస్తారు. మోగించకుండా ఊరుకున్నా, 11:20 గంట వేళకు మోగాలంటే తాను నిద్రపోయిన ఆ 14 నిమిషాల లెక్క దాని దగ్గర ఉండాలి.

ఇలాంటి పెట్టెలో రెండు చిప్‌లు పని పంచుకుంటాయి. టైంటేబుల్ చూసి గంటకు కరెంటు వదిలేది మైక్రోకంట్రోలర్. కరెంటు పోతే ఇది ఆగిపోతుంది, అప్పటిదాకా లెక్కపెట్టినదంతా మరిచిపోతుంది. రెండోది రియల్ టైమ్ క్లాక్ చిప్. దాని పక్కన రూపాయి బిళ్లంత బటన్ సెల్ ఉంటుంది. బయటి కరెంటు ఆగగానే ఈ చిప్ సెల్ మీదికి మారి నడుస్తూనే ఉంటుంది. ఎక్కువగా వాడే డీఎస్‌1307 చిప్ సెల్ మీద నడిచేటప్పుడు తీసుకునే కరెంటు ఆంపియర్‌లో ఇరవై లక్షలో వంతు కూడా ఉండదు. అందుకే ఒక్క చిన్న సెల్ ఏళ్ల తరబడి వస్తుంది.

ఈ చిప్‌కు సమయం చెప్పేది సన్నటి క్వార్ట్జ్ క్రిస్టల్. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను వరసగా 15 సార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది. అంటే సెకనుకు ఒక టిక్కు. చిప్ ఆ టిక్కులను కూడుకుంటూ నిమిషం, గంట, తేదీ, నెల, సంవత్సరం తయారుచేస్తుంది.

టైంటేబుల్ మెమరీలో వరసలుగా ఉంటుంది. ఒక్కో వరసలో ఏయే రోజులు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు, ఎన్ని సెకన్లు మోగాలి అనే మూడు సంగతులుంటాయి. రోజులను గుర్తుపెట్టుకోవడానికి ఒక చక్కటి పద్ధతి ఉంది. సోమవారానికి 1, మంగళవారానికి 2, బుధవారానికి 4, గురువారానికి 8, శుక్రవారానికి 16, శనివారానికి 32, ఆదివారానికి 64 కేటాయిస్తారు. సోమవారం నుంచి శనివారం దాకా మోగాల్సిన గంటకు వీటిని కూడితే 63 వస్తుంది. శనివారం ఒక్కరోజే మోగేదైతే 32. ఈ ఒక్క అంకెతో వారంలోని ఏ రోజుల కలయికనైనా చెప్పవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల బడులకు ఇంకో అవసరం కూడా ఉంది. మార్చి నడిమికి వచ్చేసరికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. కాబట్టి పెట్టెలో రెండు టైంటేబుళ్లు ఉండి, ఒక మీట నొక్కితే ఒకదాని నుంచి ఇంకోదానికి మారేలా ఉండాలి. లేకపోతే ఏటా ఎవరో ఒకరు వరసలన్నీ చెరిపి మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది.

వారం విషయంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. డీఎస్‌1307, డీఎస్‌3231 లాంటి చిప్‌లు తేదీని బట్టి వారాన్ని లెక్కకట్టవు. ఒకటి నుంచి ఏడు దాకా ఉన్న అంకెను అర్ధరాత్రి కాగానే ఒకటి పెంచుతాయి, అంతే. మొదట పెట్టినవాళ్లు ఒక అంకె ఎక్కువ పెడితే తేదీ, సమయం సరిగ్గా ఉన్నా వారం మాత్రం తప్పుగానే తిరుగుతుంది. శనివారం బడి జరుగుతుంటే గంట మోగదు, ఆదివారం ఖాళీ బడిలో మోగుతుంది. ఈ లక్షణం కనిపిస్తే వెతకాల్సింది వైర్లలో కాదు, వారం అంకెలో. మంచి కంట్రోలర్ చిప్ చెప్పే వారాన్ని నమ్మకుండా తేదీ నుంచి తానే లెక్క వేసుకుంటుంది.

ఇక గడియారం తప్పడం సంగతి. మామూలు క్రిస్టల్‌లో పది లక్షల సెకన్లకు 20 సెకన్ల తేడా ఉండవచ్చు. వినడానికి తక్కువే. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి తేడా రోజుకు 1.7 సెకన్లు, నెలకు 52 సెకన్ల దాకా, ఏడాదికి పది నిమిషాల పైన. దీనికి ఎండ తోడవుతుంది. ఈ రకం క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర అన్నిటికంటే వేగంగా కంపిస్తుంది. వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది డిగ్రీల తేడాకు వర్గంలా పెరుగుతుంది. రేకు పెట్టెలో వేడి 45 డిగ్రీలు ఉంటే రోజుకు సుమారు 1.2 సెకన్లు, 55 డిగ్రీలు ఉంటే రోజుకు 2.6 సెకన్లు వెనకబడుతుంది. చలికాలంలో సరిచేసిన గడియారం ఏప్రిల్‌లో వెనకబడడానికి కారణం ఇదే.

సరిచేయడానికి ముందు కొలవాలి. ఒక బడి గడియారం 30 రోజుల్లో 54 సెకన్లు వెనకబడిందనుకుందాం. 30 రోజులంటే 25,92,000 సెకన్లు. దాన్ని 54తో భాగిస్తే 48,000. అంటే ప్రతి 48,000 సెకన్లకు, 13 గంటల 20 నిమిషాలకు ఒకసారి, ఒక సెకను పోతోంది. డీఎస్‌1307లో వేగాన్ని సవరించే ఏర్పాటు లేదు. అందువల్ల మైక్రోకంట్రోలరే ప్రతి 13 గంటల 20 నిమిషాలకు ఒక సెకను కలుపుతుంది. డీఎస్‌3231 ఖరీదు ఎక్కువైనా ఈ శ్రమ చాలావరకు తప్పిస్తుంది. అది 64 సెకన్లకోసారి తన వేడిని తానే కొలుచుకుని కంపనాన్ని సర్దుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య దాని తేడా ఏడాదికి ఒక నిమిషం చుట్టుపక్కలే ఉంటుంది.

వైఫై ఉన్న బడిలో కంట్రోలర్ ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకోవచ్చు. అక్కడ వచ్చేది యూటీసీ, అంటే అంతర్జాతీయ సమయం. దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితేనే మన సమయం అవుతుంది. ఉదయం 9 గంటల ప్రార్థన గంట మధ్యాహ్నం 2:30కి మోగుతుంటే ఈ కలపడం మరిచిపోయారన్నమాట.

సమయం సరిగ్గా తెచ్చుకున్నా, దాన్ని గడియారంలో పెట్టే క్షణంలో ఇంకో చిక్కు వస్తుంది. గడియారం 40 సెకన్లు ముందుంది. దాని లెక్కలో 9:00:00 కాగానే గంట కొట్టేసింది. పది సెకన్ల తర్వాత అసలు సమయం అందింది, ముల్లు 8:59:30కి వెనక్కి వెళ్లింది. అర నిమిషంలో మళ్లీ తొమ్మిదయింది, మళ్లీ గంట. ఇప్పుడు తలకిందుల కేసు. గడియారం 90 సెకన్లు వెనక ఉంది. 8:59:10 చూపిస్తుండగా సరిచేస్తే నేరుగా 9:00:40కి దూకింది. ‘ఇప్పుడు సరిగ్గా తొమ్మిదేనా’ అని మాత్రమే చూసే ప్రోగ్రామ్‌కు తొమ్మిది రానే రాలేదు. ఆ రోజు ప్రార్థన గంట లేదు.

దీనికి విరుగుడు రెండు జాగ్రత్తలు. ఏ గంటలూ లేని రాత్రి రెండింటికి మాత్రమే సమయం సరిచేయడం ఒకటి. ప్రశ్ననే మార్చడం రెండోది. కంట్రోలర్ ‘ఇప్పుడు తొమ్మిదా’ అని కాకుండా ‘నేను పోయినసారి చూసినప్పటికీ ఇప్పటికీ మధ్య టైంటేబుల్లోని గంట ఏదైనా దాటిపోయిందా’ అని అడగాలి. మోగించిన ప్రతి గంటనూ తేదీతో సహా రాసుకోవాలి. అప్పుడు ముల్లు దూకినా గంట తప్పదు, వెనక్కి వచ్చినా రెండోసారి మోగదు.

10:52కి మేలుకున్న కంట్రోలర్‌కు ఈ రాతే ఆధారం. అయితే అంతకంటే ముందు అది తేల్చుకోవాల్సింది, గడియారం చెప్పే సమయాన్ని నమ్మవచ్చా అన్నది. సెల్ అయిపోయి ఉంటే గడియారం కూడా కరెంటుతోపాటే ఆగి ఉంటుంది. డీఎస్‌3231లో దీనికోసం ఒక గుర్తు ఉంది. క్రిస్టల్ ఒక్కసారి ఆగినా ఆ గుర్తు పడుతుంది, మనం చెరిపేదాకా ఉంటుంది. అది కనిపిస్తే కంట్రోలర్ గంటలన్నీ ఆపి, ఎర్ర దీపం వెలిగించి, ఎవరైనా సమయం పెట్టేదాకా ఆగాలి. ఈ గుర్తును చూడని చవక పెట్టెలు 2000 జనవరి 1 నుంచి లెక్క మొదలుపెట్టి, ఆ తప్పుడు లెక్క ప్రకారమే ధీమాగా గంటలు కొడతాయి.

సమయం నమ్మదగినదే అని తేలాక పాత రాత చూస్తుంది. చివరగా మోగినది 10 గంటలది, 10:40ది మోగలేదు, ఆలస్యం 12 నిమిషాలు. ఇక్కడ ఒక గడువు కావాలి. ఆలస్యం 30 సెకన్ల లోపైతే మోగించాలి, దాటితే వదిలేయాలి. కరెంటు 10:39:58కి పోయి 10:40:06కి వస్తే ఆ గంట ఇంకా పనికొస్తుంది కాబట్టి మోగుతుంది. 12 నిమిషాల తర్వాత దానికి అర్థం లేదు. కంట్రోలర్ దాన్ని ‘తప్పింది’ అని రాసుకుని 11:20 కోసం ఎదురుచూస్తుంది.

అదే చిప్, అదే టైంటేబుల్ వీధి దీపాలకు పెడితే ఈ నియమం పనికిరాదు. సాయంత్రం 6:30కి వెలగాలి, ఉదయం 6 గంటలకు ఆరాలి. 6:20కి పోయిన కరెంటు 7 గంటలకు వస్తే, 6:30 దాటిపోయిందని వదిలేయడం కుదరదు. వీధంతా చీకట్లో ఉంటుంది. గంట ఒక క్షణంలో జరిగి ముగిసే పని. దీపం కొంతసేపు నిలిచే స్థితి. స్థితి అయితే కంట్రోలర్ దాటిపోయిన వరసలను లెక్కపెట్టకుండా ‘ఈ వేళకు దీపం ఎలా ఉండాలి’ అని చూసి అలా ఉంచాలి. అర్ధరాత్రిని కూడా గుర్తుంచుకోవాలి. శనివారం వెలిగిన దీపం ఆరాల్సింది ఆదివారం ఉదయం. వరసలో శనివారం అనే ఉంది కదా అని 12 గంటలకు ఆర్పేయడం ఈ ప్రోగ్రామ్‌లలో తరచూ దొర్లే తప్పు.

వ్యవసాయ మోటార్ల ఆటో స్టార్టర్‌కు గడియారమే లేదు. కరెంటు వస్తే మోటారు వేయడమొక్కటే దానికి తెలుసు. తెలంగాణలో 2018 జనవరి 1న సాగుకు 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, మోటార్లు ఆగకుండా నడిచి భూగర్భ జలాలు అడుగంటుతాయని ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరింది. వారం టైంటేబుల్ ఉన్న కంట్రోలర్ అయితే, కరెంటు ఎప్పుడు వచ్చినా తన వేళ కాకపోతే మోటారు వేయదు. వేళ అయినా కొన్ని నిమిషాలు అటూఇటుగా ఆగి వేస్తే, ఊళ్లోని మోటార్లన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడకుండా ఉంటుంది.

బడికి ఇలాంటి పెట్టె కొనేవారు దుకాణంలోనే కొన్ని పరీక్షలు చేయవచ్చు. రెండు నిమిషాల తర్వాత మోగేలా ఒక గంట పెట్టి, ప్లగ్ తీసి, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ పెట్టాలి. సమయం సరిగ్గా ఉండాలి, గంట మోగకూడదు. ఇంకో గంట మోగిన వెంటనే, ఆ నిమిషం దాటకముందే ప్లగ్ తీసి పెట్టాలి. రెండోసారి మోగకూడదు. చివరగా ప్లగ్ తీసి, బటన్ సెల్ కూడా ఊడదీసి, కాసేపాగి రెండూ మళ్లీ పెట్టాలి. ఇప్పుడు పెట్టె ఏదో ఒక సమయం చూపిస్తూ మామూలుగా పనిచేయడం మొదలుపెడితే దాన్ని దుకాణంలోనే వదిలేయవచ్చు. సమయం పెట్టమని అడిగితే కొనవచ్చు.