పెట్రోలు కారా, కరెంటు కారా: కడప–కర్నూలు రోడ్డు మీద పొగ లెక్క

మొన్న మైదుకూరులో టీ బంకు కాడ ఇద్దరు పిలగాళ్లు వాదులాడుకుంటాండారు. ఒకడు కడప నుంచి కర్నూలుకు బాడుగ కారు తిప్పుతాడు. లోను తీసుకుని కరెంటు కారు కొనాలని చూస్తాండాడు. "దాంట్లో పొగే రాదు గదా" అంటాడు. రెండోవాడు ఫోన్లో వచ్చిన మెసేజీ చూపించి, "ఆ కరెంటు యాడ నుంచి వస్తాదిరా? ముద్దనూరు కాడ బొగ్గు కాల్చి తీస్తాండారు. దానికంటే పెట్రోలే మేలు" అంటాడు. నన్ను చూసి "నువ్వే చెప్పన్నా" అన్నారు. ఇది నోటి మాటతో తేలేది కాదప్పా, కాగితం మీద కట్టాల అన్నా. ఆ కాగితమే ఇది.

కడప నుంచి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలు సుమారు 200 కిలోమీటర్లు. చిన్న పెట్రోలు కారు ఏసీ వేసుకుని లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. అంటే పన్నెండున్నర లీటర్లు కావాల. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, అదే మన బడి పుస్తకాల్లోని బొగ్గుపులుసు వాయువు, బయటికి వస్తుంది. లీటరు పెట్రోలు ముప్పావు కిలో బరువు కూడా ఉండదు, రెండు కిలోల పైన గాలి ఎట్లా వస్తాదని అనుమానం రావచ్చు. పెట్రోలులోని కార్బన్ కాలేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఆ ఆక్సిజన్ బరువు కూడా లెక్కలో చేరుతుంది. పన్నెండున్నర లీటర్లకు సుమారు 29 కిలోలు. కిలోమీటరుకు 144 గ్రాములు. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ లెక్క వేరే కథ కాబట్టి నేను ఈడ సాదా పెట్రోలు మీదనే కట్టినా.

ఇప్పుడు కరెంటు కారు. అదే రోడ్డు మీద దాని బ్యాటరీ నుంచి సుమారు 26 యూనిట్లు ఖర్చవుతాయి. శానామంది లెక్క ఈడనే ఆపేస్తారు, అది తప్పు. చార్జింగ్ పెట్టేటప్పుడు కొంత కరెంటు వేడిగా పోతుంది. గోడకున్న మీటరు చూస్తే 30 యూనిట్లు తిరిగింటాది. ప్లాంటు నుంచి మన ఇంటికి వచ్చే లోపల తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో ఇంకొంత పోతుంది. దానికి 10 శాతం వేసుకుంటే, ప్లాంటులో పుట్టాల్సింది 33 యూనిట్లు.

ఒక యూనిట్‌కు ఎంత పొగ? దీన్ని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, మనం సీఈఏ అంటాం, ప్రతి ఏడూ దేశం మొత్తానికి సగటు కట్టి ప్రకటిస్తుంది. 2023-24కు అది యూనిట్‌కు సుమారు 0.73 కిలో. బొగ్గు, నీళ్లు, గాలి, ఎండ, అణు కరెంటు అన్నీ కలిపి తీసిన సగటు అది. 33 యూనిట్లకు 24 కిలోలు. కిలోమీటరుకు సుమారు 120 గ్రాములు. అంటే పెట్రోలు కంటే తక్కువే గానీ, సున్నా కాదు. కడప ఏడురోడ్ల కూడలిలో కారు ఎనక పొగ కనపడదు, ఆ పొగ చిమ్నీ కాడ వస్తాంటాది. అంతే తేడా.

రెండు పక్కలా ఇంకో లెక్క కలపాల. పెట్రోలు బంకులో పుట్టదు. భూమిలోంచి చమురు తోడి, ఓడలో తెచ్చి, రిఫైనరీలో కాచి, ట్యాంకరులో మోసుకొస్తారు. దానికి ఐదో వంతు కలిపితే 29 కిలోలు 35 అవుతాయి. బొగ్గుకు కూడా గని, రైలు ఉండాయి. అది తక్కువ పాలు కాబట్టి 24ను 26 చేసుకుందాం. మొత్తం మీద ఒక్క పయనానికి పెట్రోలు 35, కరెంటు 26. కిలోమీటరుకు 45 గ్రాములు మిగులు.

మరి మెసేజీ పంపినోడు చెప్పింది పూర్తిగా అబద్ధమా? కాదు. ముద్దనూరు కాడ కలమళ్లలో ఉండే రాయలసీమ థర్మల్ ప్లాంటు 1650 మెగావాట్లది. బొగ్గు కరెంటు యూనిట్‌కు సుమారు కిలో పొగ వదులుతుంది. కారుకు అచ్చంగా బొగ్గు కరెంటే ఎక్కిస్తే 33 కిలోలు. గని, రైలు కలిపితే పెట్రోలుతో సమానంగా వచ్చి నిలబడుతుంది. "పెట్రోలే మేలు" అనేది అప్పుడు కూడా రుజువు కాదు, "పెద్ద తేడా లేదు" అని మాత్రం రుజువవుతుంది.

ఇంకొకడు ఓర్వకల్లు పక్క గని, శకునాల కాడ 1000 మెగావాట్ల సోలార్ పార్కు చూపించి, "మాది ఎండ కరెంటు" అంటాడు. అది కూడా కుదరదు. కలమళ్ల కరెంటు, గని కరెంటు ఒకే గ్రిడ్‌లో కలుస్తాయి. చెరువులో రెండు వంకల నీళ్లు కలిసినాక, నా బిందెలో యే వంక నీళ్లు ఉండాయో ఎవరు చెప్తారు? తెలిసేది ఒకటే, యే యాళకు యే వంక ఎక్కువ పారుతాదని. మధ్యాన్నం గ్రిడ్‌లో ఎండ కరెంటు ఎక్కువ. పొద్దు గూకినాక సోలార్ సున్నా అవుతుంది, బొగ్గు ప్లాంట్లు పుంజుకుంటాయి. కాబట్టి 0.73 అనేది రోజంతటి సగటు. మధ్యాన్నం చార్జింగ్ పెట్టినోని పొగ దానికంటే తక్కువ, రాత్రి పెట్టినోనిది ఎక్కువ.

మిగిలింది బ్యాటరీ. దాన్ని తయారు చేసేటప్పుడే పొగ పుడుతుంది, ఒక యూనిట్ పట్టే బ్యాటరీకి 60 నుంచి 100 కిలోల దాకా. ఈ రోడ్డు మీద మధ్యలో ఆగకుండా పోవాలంటే 40 యూనిట్ల బ్యాటరీ కావాల. సుమారు 3 టన్నులు అనుకోండి. అది కరెంటు కారు మొదటి రోజే నెత్తిన పెట్టుకొచ్చే అప్పు. కిలోమీటరుకు 45 గ్రాముల చొప్పున తీర్చుకుంటా పోతే, అప్పు తీరేసరికి 67 వేల కిలోమీటర్లు తిరగాల.

మా బాడుగ పిలగాడు వారానికి మూడు సార్లు కర్నూలుకు పోయి వస్తాడు, అంటే 1200 కిలోమీటర్లు. ఏడాది దాటిన కొన్ని వారాలకే వాని అప్పు తీరుతుంది. పెండ్లిళ్లకు, తిరునాళ్లకు మాత్రమే కారు తీసి ఏడాదికి 5 వేలు తిరిగేటోనికి 13 ఏండ్లు పడుతుంది. అట్లాంటోడు పాత కారు అమ్మేసి కొత్త కరెంటు కారు కొంటే భూమికి ఒరిగేది రోంతే. ఇంటి మీద సోలార్ పలకలు వేసుకుని పగలు చార్జింగ్ పెట్టుకునే వీలుంటే కథ మారుతుంది. పలకల తయారీ పొగ కలిపినా 18 వేల కిలోమీటర్ల కాడనే అప్పు తీరిపోతుంది. కానీ బాడుగ కారు పగలు రోడ్డు మీద ఉంటాది. వానికి ఎండ కరెంటు కావాలంటే నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో మధ్యాన్నం అన్నం తినేటప్పుడు పెట్టుకునే చార్జర్ ఉండాల. అడగాల్సింది దాన్ని.

నా అంకెలు నమ్మాల్సిన పని లేదు, మీవి మీరు కట్టుకోండి. పెట్రోలు కారైతే ట్యాంకు నిండుగా పోయించి తిరిగి, మళ్లీ నిండుగా పోయించి, రెండోసారి పట్టిన లీటర్లను 2.3తో గుణించి, తిరిగిన కిలోమీటర్లతో భాగించండి. కరెంటు కారైతే డ్యాష్‌బోర్డు అంకె కాదు, గోడ మీటరు అంకె తీసుకోండి. దానికి పదో వంతు కలిపి 0.73తో గుణించి, కిలోమీటర్లతో భాగించండి. పెట్రోలుకు పొగ గొట్టం కాడ లెక్క కట్టి, కరెంటుకు గనుల కాడి నుంచి లెక్క కట్టినోడు ఎవరైనా ఎదురైతే, యే పక్కోడైనా సరే, రెండింటికీ ఒకే తావు నుంచి మొదలు పెట్టమని చెప్పండి.