పంపిన మెసేజ్ ఎక్కడ ఆగుతుంది?

మంగళగిరి చీరలు ఇంటి నుంచే అమ్ముదామని ఒకావిడ ఇన్‌స్టాగ్రామ్‌లో కొత్త అకౌంట్ తెరిచారనుకుందాం. తెరిచిన రోజే ముక్కూమొహం తెలియని అరవై మందికి ఒకే మెసేజ్ కాపీ చేసి పంపడం మొదలుపెట్టారు: ‘నమస్తే అండీ, కొత్త స్టాక్ వచ్చింది, ఈ లింక్ చూడండి.’ కాసేపటికి పంపడమే ఆగిపోవచ్చు. వెళ్లినవాటికీ ఉలుకూ పలుకూ ఉండదు. ఆవిడ అమ్మేవి నిఖార్సయిన చీరలే, కానీ ఫిల్టర్‌కి ఆ సంగతి తెలిసే దారి లేదు.

దానికి కనిపించేది నడవడిక. నిన్న పుట్టిన అకౌంట్, గుక్క తిప్పుకోకుండా పంపుతున్న వేగం, అక్షరం తేడా లేని వాక్యాలు, లింక్, అవతలివాళ్లతో ఏ పరిచయమూ లేకపోవడం. వీటిలో ఏ ఒక్కటీ నేరం కాదు. అన్నీ ఒకేచోట కలిస్తే మాత్రం అనుమానపు మార్కులు పెరుగుతాయి. ఆ అరవై మందిలో ఐదారుగురు ‘రిపోర్ట్’ నొక్కారంటే ఇక పాత మెసేజ్‌లే కాదు, రేపు పంపబోయేవీ అనుమానం కిందికే వస్తాయి.

మాటల కంటే నడవడికే ముఖ్యమనడానికి వాట్సాప్ మంచి ఉదాహరణ. అక్కడ మెసేజ్‌లు తాళం వేసి వెళ్తాయి, కంపెనీ కూడా చదవలేదు. అయినా స్పామ్ పంపే నంబర్లను నిషేధిస్తూనే ఉంటుంది. ఎంత వేగంగా, ఎంతమందికి పంపుతున్నారు, ఎందరు బ్లాక్ చేశారు అన్నది చూస్తే చాలు. ఎవరైనా రిపోర్ట్ చేసినప్పుడు మాత్రం ఆ చాట్‌లో వచ్చిన చివరి ఐదు మెసేజ్‌లు కంపెనీకి చేరతాయి.

అనుమానం ఉంటే చెరిపేయొచ్చు కదా, దాచడం దేనికి? పొరపాటు ఖరీదు వల్ల. ఒక మోసపు లింక్ కంటపడితే చిరాకు, నొక్కితే డబ్బు నష్టం. కానీ చిన్ననాటి స్నేహితురాలి పలకరింపు చెరిగిపోతే మళ్లీ దొరకదు. అందుకే తేల్చుకోలేనివాటిని పక్క గదిలో పెడతారు. పంపినవారికి ఆ సంగతి చెప్పరు. చెబితే మోసగాళ్లు మాట మార్చి, వేగం తగ్గించి, ఫిల్టర్ ఎక్కడ పట్టుకుంటుందో కనిపెట్టేస్తారు. ఈ గోప్యత వల్ల నష్టపోయేది నిజాయితీపరులే అన్నది నా ఫిర్యాదు. కానీ ఇంతకంటే మేలైన దారి నాకూ తోచలేదు.

2023లో ఇన్‌స్టాగ్రామ్ ఇంకో గడియ బిగించింది. మిమ్మల్ని ఫాలో కానివారికి ఒక్క మెసేజే పంపగలరు, అదీ అక్షరాల్లోనే. ఫొటోలు, వాయిస్ కుదరవు. అవతలివారు ఒప్పుకుంటేనే రెండోది. అంచేత ఆ చీరలావిడకు దారి ఒకటే: పోస్టులు పెట్టి, అడిగినవారికి జవాబివ్వడం. ముందుగా పలకరించింది కొనేవారైతే ఈ లెక్క చాలావరకు తిరగబడుతుంది.

మీకొచ్చినవి చూడాలంటే మెసేజ్‌లలో Requests తెరిచి, దాని లోపల Hidden Requests నొక్కండి. ఒప్పుకునేదాకా, మీరు చదివినట్టు అవతలివారికి తెలియదు.