నిన్ను మానికెడు తవుడికి కొన్నాను

చిరంజీవి సౌభాగ్యవతి తవిటమ్మను మీ మేనత్త ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నీకు ఏడో నెల దాటిందని మీ అమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పటినుంచీ మనసు మనసులో లేదు, సంతోషంతోనే.

మొన్న ఫోన్లో నువ్వు అడిగిన మాటకి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. పక్కన చుట్టాలున్నారు, పైగా రెండు ముక్కల్లో తేలే కథ కాదది. "నన్ను తవుడికి కొన్నారటగా అత్తా, నేనంటే అంత చులకనా?" అన్నావు. బళ్లో పిల్లలు తవుడు, తవుడు అని ఏడిపిస్తే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చిన రోజులు నాకు తెలుసు. ఇప్పుడు నువ్వూ తల్లివి కాబోతున్నావు. అందుకే అంతా రాస్తున్నాను.

కొన్న మాట నిజమే తల్లీ. కొన్నది నేనే.

నీకంటే ముందు మీ అమ్మకి ఇద్దరు పుట్టారు. పెద్దవాడు మీ అమ్మ పుట్టింట్లో పుట్టాడు. ఏపుగా ఉన్నాడు, రెండు రోజులు పాలు బాగా తాగాడు. ఆ తర్వాత రొమ్ము పట్టడం మానేశాడు. ఆకలికి ఏడుస్తాడు, నోటికి అందిస్తే పట్టలేడు. దవడలు బిగుసుకుపోయాయి. తలుపు చప్పుడైనా, ఒంటిమీద చెయ్యేసినా ఒళ్లంతా కొయ్యబారిపోయి వెనక్కి విరుచుకుపోయేవాడు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. ఏడో రోజు దాటలేదు. రెండోది ఆడపిల్ల. ఈసారి మన ఊళ్లోనే పురుడు పోశారు. అచ్చం అలాగే మొదలైంది, అలాగే పోయింది. అప్పటికి మీ అమ్మకి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. ఇద్దరు బిడ్డలు ఒకే తీరున పోయేసరికి ఊరు ఊరంతా ఆ ఇంటి మీద ఏదో కన్ను పడిందనే అనుకుంది. మీ నాన్నమ్మా అదే నమ్మింది.

మళ్లీ నెల తప్పిందని తెలియగానే నాన్నమ్మ నన్ను పిలిపించింది. "ఈసారి బిడ్డ మనది కాదు. నువ్వు కొనుక్కోవాలి" అంది.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏ ఊరికెళ్లి ఓటర్ల జాబితా తిరగేసినా తవిటినాయుడు, తవిటయ్య, తవిటమ్మ కనిపిస్తారు. సింహాచలం అప్పన్న పేరున అప్పలనాయుళ్లు, పైడితల్లి పేరున పైడిరాజులు ఎలా ఉన్నారో వీళ్లూ అలాగే. అందరినీ తవుడికి కొన్నారని కాదు. తాత పేరు మనవడికి, మామ్మ పేరు మనవరాలికి పెట్టుకుంటూ వచ్చిన ఇళ్లే ఎక్కువ. కానీ ఆ వరసలో వెనక్కి వెళితే ఎక్కడో ఒకచోట బిడ్డలు నిలవని తల్లి ఒకతె ఉంటుంది. పెంటయ్య, పెంటమ్మ అనే పేర్ల వెనకా ఆ తల్లే ఉంది. పుట్టిన బిడ్డని పెంటకుప్ప మీద ఓసారి పడుకోబెట్టి, అక్కడ దొరికిందని చెప్పి ఇంట్లోకి తెచ్చుకునేవారు. తెలంగాణలోనూ ఆ పేర్లున్నాయి. ఎంగిలి విస్తళ్లలో దొర్లించి తీసిన పిల్లాడు పుల్లయ్య. తమిళులకి కుప్పుసామి, కుప్పమ్మాళ్ ఉన్నారు. అదీ చెత్తకుప్ప పేరే.

ఎవరినీ కించపరచడానికి పెట్టిన పేర్లు కావివి. మృత్యువు మంచి బిడ్డని ఏరుకుని తీసుకుపోతుందని వాళ్ల భయం. అందుకని బిడ్డ విలువ బయటికి కనబడకుండా దాచేవారు. పెంట, పుల్లాకు చేసే పని అంతవరకే. తవుడు బేరంలో ఇంకో ఎత్తు కూడా ఉంది. బిడ్డకి విలువ లేదని చెప్పడమే కాదు, బిడ్డ ఆ తల్లిదే కాదని కూడా చెబుతుంది. ఏ తల్లి పిల్లల కోసమైతే మృత్యువు అలవాటుపడి వస్తోందో, ఆ తల్లి ఒళ్లో ఇప్పుడు బిడ్డే లేదు. ఉన్నది పరాయివాళ్ల పిల్ల, అదీ గొడ్లు తినే తవుడికి మారకం వచ్చిన పిల్ల.

కొనేవాళ్లు కూడా ఎవరంటే వాళ్లు పనికిరారు. పిల్లలు నిలిచిన ఇల్లాలై ఉండాలి, వేరే ఇంటిపేరు వాళ్లై ఉండాలి. నాకు అప్పటికే ఇద్దరు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది. రక్తం మాత్రం ఆ ఇంటిదే. నాన్నమ్మ నన్ను ఎంచుకున్నది అందుకే.

నువ్వు 1986 చివర్లో, కొత్త ధాన్యం దంచుతున్న రోజుల్లో పుట్టావు. తవుడుకి కొదవ లేదు. మానిక నిండా తవుడు పోసుకుని, మీద పాత గుడ్డ కప్పి పెరటి గుమ్మం బయట నిలబడ్డాను. లోపల నిన్ను చేటలో, మీ నాన్న పాత పంచె ముక్క మీద పడుకోబెట్టారు. కొత్తబట్ట వెయ్యకూడదు. ముద్దుగా ఉందని ఎవరూ అనకూడదు. "తవుడుంది, మారకానికి ఏవైనా ఇస్తారా?" అని కేకేశాను. "పనికిరాని పిల్లొకటి ఉంది, పట్టుకుపో" అంది నాన్నమ్మ. ఆ మాట అంటున్నప్పుడు గొంతు వణికింది. తవుడు మీ అమ్మ కొంగులో పోశాను. చేటతో సహా నిన్ను పెరటి గుమ్మంలోంచి తీసుకుని, ఇంటిని చుట్టి, వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చాను. అప్పుడు మీ అమ్మతో, "ఇది నా పిల్ల. పేరు తవిటమ్మ. పాలిచ్చి పెంచు, నీ కూలి నీకిస్తాను" అన్నాను. ఊరూరికీ ఈ తంతులో తేడాలున్నాయి, మా ఇంట్లో జరిగింది మాత్రం ఇదీ. ఆ తవుడు సాయంత్రం కుడితిలో కలిపి ఆవుకి పెట్టారు.

ఇరవై ఒకటో రోజు బారసాలకి పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో నీ అసలు పేరు రాయించారు. అయినా బడిలో వేసేదాకా ఆ పేరుతో నిన్ను పిలవడానికి మీ అమ్మకి ధైర్యం చాల్లేదు.

ఇక్కడితో ఆపేస్తే నిన్ను తవుడే బతికించిందని నువ్వు అనుకోవచ్చు. ఇంకో సగం చెప్పాలి.

నీ అన్ననీ అక్కనీ తీసుకుపోయినది ధనుర్వాతం. దాని క్రిములు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి. ఆ రోజుల్లో మంత్రసానులు బొడ్డు కోసింది కొడవలితోనో, వెదురు బద్దతోనో. కోసిన చోట ఆరడానికి బూడిద, పేడ పెట్టేవారు. ఆ పచ్చి పుండులోంచి క్రిమి లోపలికి పోతుంది. దాని విషం నరాలకెక్కడానికి కొన్ని రోజులు పడుతుంది. మూడో రోజు నుంచి రెండు వారాల లోపల ఎప్పుడైనా బయటపడవచ్చు, ఎక్కువగా వారం అటూ ఇటూ. మొదటి రెండు రోజులూ బిడ్డ చక్కగా పాలు తాగి, తర్వాత నోరు బిగుసుకుంటే అది ధనుర్వాతమేనని అనుమానించాలి. పుట్టినప్పటి నుంచే పాలు తాగని బిడ్డది వేరే జబ్బు. ఒకే తల్లికి వరసగా ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణం కూడా కన్నూ కాదు, కర్మా కాదు. తల్లి ఒంట్లో దాన్ని ఎదిరించే శక్తి లేదు. మంత్రసాని మారినా కొడవలి, పేడ మారలేదు. బిడ్డ మారితే ఫలితం ఎలా మారుతుంది?

ఇదంతా నాకు మా అత్తవారి ఊరికి వచ్చే నర్సమ్మ చెప్పింది. దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది 1985లో. ఆ మరుసటి ఏడే మీ అమ్మ నిన్ను మోస్తోంది. కడుపుతో ఉన్నామెకి టీటీ సూది నెల తేడాతో రెండుసార్లు వేస్తే, తల్లి రక్తంలో తయారైన రక్షణ మాయ ద్వారా కడుపులో బిడ్డకి చేరుతుందని, పుట్టాక మొదటి వారాలు అదే కాపాడుతుందని నర్సమ్మ విడమరిచి చెప్పింది. నాన్నమ్మ ఒప్పుకోలేదు. సూది వేస్తే కడుపు పోతుందని ఆవిడ భయం. నేను గొడవ పడలేదు. "నేను తవుడికి కొంటాను, నువ్వు సూది వేయించనియ్యి" అన్నాను. ఆవిడ చాలాసేపు నా మొహంలోకి చూసి సరేనంది. పురిటి రోజున కొడవలి లేదు. కొత్త బ్లేడు, మరిగించిన దారం, సబ్బుతో కడిగిన చేతులు. బొడ్డు మీద ఏమీ పెట్టలేదు.

నిన్ను బతికించింది సూది, శుభ్రమూ. అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ మొదటి వారమంతా మీ అమ్మ నిద్రపోయి, తిండి తిని, నీకు పాలివ్వగలిగిందంటే తవుడు వల్లే. ఇద్దరిని పోగొట్టుకున్న తల్లి మూడో బిడ్డని చేతుల్లోకి తీసుకోవడానికే జంకుతుంది. "ఇది నా పిల్ల కాదు, వదిన పిల్ల" అనుకుంది గనక ఎత్తుకుంది. ఏడో రోజు గడిచాక, ఎనిమిదో రోజు తెల్లారి నిన్ను ఒళ్లో పెట్టుకుని మొదటిసారి ఏడ్చింది.

ఇలా కొన్న పిల్లల్లో నీకు తెలిసిన పేరొకటుంది. ఖుదీరామ్ బోస్. ఆయన 1889లో బెంగాల్‌లోని మేదినీపూర్ దగ్గర పుట్టాడు. ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలు పోయారు. అందుకని పెద్దక్క అపరూప మూడు గుప్పెళ్ల నూకలిచ్చి తమ్ముణ్ణి కొనుక్కుంది. అక్కడ నూకల్ని ఖుద్ అంటారు, పేరు దాన్నుంచే వచ్చింది. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోతే, కొన్న అక్కే తన ఇంట్లో పెట్టుకుని పెంచింది. 1908 ఆగస్టు 11న ముజఫర్‌పూర్ జైల్లో ఉరితీశారు. పద్దెనిమిదేళ్లవాడు.

మన దేశంలో 1971లో ప్రతి వెయ్యిమంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ లెక్క 28కి దిగింది. పసిపిల్లల ధనుర్వాతాన్ని నిర్మూలించిన రాష్ట్రంగా దేశంలో అందరికంటే ముందు, 2003లో, గుర్తింపు పొందింది మన ఆంధ్రప్రదేశే. 2015కి దేశమంతా ఆ స్థితికి చేరింది. అందుకే నీ ఈడు తర్వాత పుట్టినవాళ్లలో కొత్త తవిటమ్మలు అరుదు.

నీ సంగతికొస్తాను. ఇప్పుడు టీటీ బదులు టీడీ వేస్తున్నారు, రెండు డోసులూ పడ్డాయో లేదో కార్డు చూసుకో. బొడ్డు ఊడేదాకా పొడిగా ఉంచు. నూనె, పసుపు, పౌడరు ఏమీ రాయనియ్యకు, ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే. బొడ్డు చుట్టూ ఎర్రబడినా, వాసన వచ్చినా, పాలు తాగుతున్న బిడ్డ మానేసినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. పేరు పెట్టే వంతు మీ ఆడపడుచుది, ఆవిడకి నచ్చిన ముద్దుపేరు పెట్టనీ. మళ్లీ తవుడు తెమ్మని ఎవరూ అడగరు.

నీకు మాత్రం నేను కొన్న తల్లినే. ఏటా సంక్రాంతికి నీకు మొదటి బట్టలు మా ఇంటినుంచే ఎందుకొచ్చేవో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. కొన్నవాళ్లు పెట్టాకే కన్నవాళ్లు పెట్టాలి. ఈసారి పురిటికి వచ్చేటప్పుడు మెత్తటి పాత నూలు చీరలు ఉతికి, ఎండబెట్టి తెస్తాను. కొత్తవి కొనకు, పసిపిల్ల ఒంటికి గరుకు తగులుతాయి. డాక్టరు చెప్పిన తేదీ రాసి పంపు, రైలు టికెట్టు తీసుకోవాలి.

ఆశీస్సులతో,
మీ అత్త