పందిట్లో మోగిన పాట యూట్యూబ్‌లో ఎందుకు ఆగుతుంది?

పెళ్లిలో సినిమా పాట వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మతపరమైన వేడుకల్లో పాటలు పాడినా, వాయించినా, రికార్డు వేసినా ఉల్లంఘన కాదని 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. పెళ్లి ఊరేగింపూ, పెళ్లితో ముడిపడిన ఇతర సంబరాలూ ఆ లెక్కలోకే వస్తాయని వివరణ కూడా ఇచ్చింది. పెళ్లి వేడుకల్లో పాటలకు రాయల్టీ వసూలు చేయడం ఈ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్రం 2023 జూలైలో ఒక ప్రకటనలో స్పష్టం చేసింది. ఇది తెలిసినవాళ్లలో చాలామంది పెళ్లి వీడియోకూ ఇదే వర్తిస్తుందనుకుంటారు. చిక్కంతా అక్కడే.

ఆ మినహాయింపు వేడుక వరకే. తలంబ్రాల దృశ్యం మీద సినిమా పాట కలిపి వీడియో తయారు చేస్తే, అది ఆ పాటను కొత్త సినిమాలో వాడుకోవడం లాంటిదే. పాట ఒక్కటిగా వినిపించినా దాని మీద హక్కులు మూడు: సాహిత్యానికి ఒకటి, బాణీకి ఒకటి, స్టూడియోలో చేసిన రికార్డింగ్‌కు ఒకటి. ఆ వీడియోను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఇంట్లో చూసుకుంటే అడిగేవాళ్లుండరు. నెట్‌లో పెట్టగానే అది ప్రజలకు అందించడం అవుతుంది, దానికి అనుమతి కావాలి. పాటను డబ్బిచ్చి కొన్నా, యాప్‌కు చందా కడుతున్నా, మనకొచ్చేది వినే హక్కే.

రాజమండ్రిలో ఒక పెళ్లి జరిగిందనుకుందాం. నాలుగు నిమిషాల హైలైట్స్‌లో తలంబ్రాల దగ్గర యాభై సెకన్లు ఒక సినిమా పాట కలిపారు. బారాత్ షాట్‌లో డీజే వేసిన మరో పాట కెమెరా మైకులోకి వచ్చింది. మ్యూజిక్ కంపెనీలు తమ పాటలను యూట్యూబ్‌కు ముందే ఇచ్చి ఉంచుతాయి. ఎక్కించిన ప్రతి వీడియోనూ Content ID అనే వ్యవస్థ వాటితో పోల్చి చూస్తుంది. అందుకే పది సెకన్లు దాటకపోతే ఫర్వాలేదన్న మాట నిజం కాదు. కింద ‘పాట హక్కులు వారివే’ అని రాసినా లాభం లేదు.

పాట దొరికితే కంపెనీ వీడియో మీద క్లెయిమ్ వేస్తుంది. అప్పుడు వీడియోను ఉండనిచ్చి ప్రకటనల డబ్బు తాను తీసుకోవచ్చు, లేదా ఎంతమంది చూస్తున్నారో గమనిస్తూ ఊరుకోవచ్చు, లేదా వీడియోను ఆపేయవచ్చు. ఈ నిర్ణయం దేశాన్ని బట్టి మారవచ్చు. రాజమండ్రిలో బాగానే ఆడుతున్న వీడియో డల్లాస్‌లో ఉన్న పెద్దమ్మకు తెరుచుకోకపోవడానికి కారణం అదే.

క్లెయిమ్ వస్తే కంగారు పడక్కర్లేదు, దానివల్ల ఛానెల్‌కు మచ్చ రాదు. YouTube Studioలో వివరాలు తెరిస్తే Trim out segment, Replace song, Mute song కనిపిస్తాయి. తలంబ్రాల దగ్గర పాట మారిస్తే సరిపోతుంది. అయితే అక్కడి మాటలు, నవ్వులు కూడా పోతాయి. బారాత్‌లో పాటను మ్యూట్ చేస్తే వెనకున్న మనుషుల గొంతులూ దెబ్బతినవచ్చు. అసలు భయపడాల్సింది స్ట్రైక్‌కు. హక్కుదారు వీడియోను తీసేయమని నోటీసు పంపితే వచ్చేది అది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ మొత్తం పోవచ్చు.

దీనికి చక్కని దారి మన పందిట్లోనే ఉంది. త్యాగరాజు 1847లో కన్నుమూశారు, ఆయన కృతుల మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. కానీ ఒక గాయకుడు పాడిన ఆల్బమ్ తీసుకుని కలిపితే ఆ రికార్డింగ్ హక్కు అడ్డొస్తుంది. అది విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. అన్నమయ్య కీర్తనల విషయంలో ఇంకో మెలిక ఉంది. పదాలు పాతవే, బాణీలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. నేదునూరి కృష్ణమూర్తి 2014లో మరణించారు, కాబట్టి ఆయన బాణీల మీద హక్కు 2074 చివరిదాకా ఉంటుంది.

అందుకని మీ పెళ్లికొచ్చిన సన్నాయి మేళం చేత ఒక త్యాగరాజ కృతి వాయించి, విడిగా రికార్డు చేయించండి. ప్రదర్శకులుగా కళాకారులకూ హక్కులున్నాయి. వీడియోలో వాడి నెట్‌లో పెట్టడానికి ఒప్పుకుంటున్నామని కాగితం మీద రాయించుకుని, ఆ పనికి వేరుగా డబ్బివ్వండి. పాట మీద బతికేవాళ్లకు వాళ్ల వాటా అందడమే ఈ చట్టం ఉద్దేశం.

ఎడిటింగ్ మొదలుకాక ముందే వీడియోగ్రాఫర్‌తో రెండు కాపీలు మాట్లాడుకోండి: సినిమా పాటలతో ఇంటికొకటి, మేళం రికార్డింగ్‌తో నెట్‌కొకటి. నెట్ కాపీని ముందు Privateగా ఎక్కించి, Checks దశలో కాపీరైట్ ఫలితం చూసుకుని, ఆ తర్వాతే బంధువులకు లింకు పంపండి.