సందులో ఎదురయ్యే మనిషిని పలకరించాలా?

పొద్దున ఐదున్నరకి కాలనీ వెనక సందులో నడుస్తున్నారు. అవతలి మలుపు తిరిగి ఎవరో వస్తున్నారు. మీ ఇద్దరి మధ్యా 30 మీటర్లుంటుందేమో. ఇద్దరూ మామూలు నడకలో ఉంటే ఆ దూరం తరిగిపోవడానికి 12 సెకన్లు చాలు. చూడాలా, తల దించుకోవాలా, నవ్వాలా, నమస్కారం అనాలా అన్నది ఆ కాసేపట్లోనే తేలిపోవాలి. బజారులో ఈ చిక్కు రాదు. అక్కడ పక్కనుంచి వందమంది పోతున్నా ఎవరూ ఏమీ అనుకోరు. సందులో ఉన్నది ఇద్దరే కాబట్టి పలకరించినా, ముఖం తిప్పుకున్నా అవతలి మనిషికి తెలుస్తుంది.

దారిలో ఎదురయ్యే మనుషులు ఒకరినొకరు ఎలా దాటుతారో శ్రద్ధగా గమనించినవాడు ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త. 1963లో వచ్చిన ‘బిహేవియర్ ఇన్ పబ్లిక్ ప్లేసెస్’ పుస్తకంలో ఆయన ఒక చిన్న సంగతి రాశాడు. వీధిలో ఎదురెదురుగా వచ్చేవాళ్లు సుమారు ఎనిమిది అడుగుల దూరం దాకా ఒకరినొకరు చూసుకుంటారట. ఆ తర్వాత, ఎదురు బండి కోసం లైటు డిమ్ చేసినట్టు, చూపు దించుకుని దాటిపోతారట. మొదటి చూపు ‘నిన్ను గమనించాను’ అని చెబుతుంది. చూపు దించడం ‘నీతో నాకు పనేమీ లేదు, నీ దారిన నువ్వు వెళ్లు’ అని చెబుతుంది. ఈ రెండూ వరసగా జరిగితే అవతలివాళ్లకు భయం ఉండదు. మొదటిది లేకపోతే పొగరనిపిస్తుంది. రెండోది లేకపోతే, అంటే దగ్గరికొచ్చాక కూడా చూపు తిప్పకపోతే, ఎవరికైనా ఇబ్బందే.

2012లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ ఆవరణలో జరిగిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. దారినపోయే కొందరి కళ్లలోకి చూశారు, కొందరిని చూసి నవ్వారు, కొందరిని అసలు అక్కడ మనిషే లేనట్టు వాళ్ల మీదుగా చూశారు. వెంటనే మరొకరు వెళ్లి, ఈ నిమిషంలో మనుషులకు దూరమైనట్టు అనిపించిందా అని అడిగారు. లేనట్టు చూడబడ్డవాళ్లలో ఆ వెలితి ఎక్కువగా కనిపించింది. నవ్వు లేని మామూలు చూపు కూడా దాన్ని తగ్గించింది. అందుకే నా మటుకు, తెల్లవారిన సందులో ఎదురయ్యే మనిషిని గుర్తించకుండా పోవడం సబబు కాదనిపిస్తుంది. అందుకు మాటే అక్కర్లేదు. పదిహేను, ఇరవై అడుగుల దూరంలో ఒక్కసారి చూసి, తల కొద్దిగా ఊపి, చూపు మళ్లీ దారి మీదికి తిప్పుకుని, నడక వేగం మారకుండా సాగిపోతే సరిపోతుంది. మరీ దూరంనుంచే నవ్వు మొదలుపెడితే దగ్గరికొచ్చేదాకా దాన్ని మోయాలి. పక్కకొచ్చాక ఒక్కసారిగా ‘నమస్తేనండీ’ అంటే అవతలివాళ్లు ఉలిక్కిపడతారు.

మన పల్లెల్లో లెక్క వేరు. అక్కడ కొత్తమనిషి కనిపిస్తే తల ఊపి ఊరుకోరు. ‘ఎవరి తాలూకు బాబూ?’, ‘ఎవరింటికమ్మా?’ అని నేరుగా అడుగుతారు. ప్రయాణమై బయల్దేరినవాళ్లను ‘ఎక్కడికి’ అనడం మంచిది కాదని, ‘దూరమా?’ అని కుశలం కలిపి అడిగే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ప్రశ్నలో ఆప్యాయతతోపాటు కాపలా కూడా ఉంది. ఫలానా వాళ్ల అల్లుడని తెలిస్తే ఊరికి నిశ్చింత, అల్లుడికీ మర్యాద. అడిగేవాళ్లెవరో ఊరందరికీ తెలుసు కాబట్టే ఆ ప్రశ్న చెల్లుతుంది. అదే ప్రశ్నను నగరంలో ముక్కూమొహం తెలియని మనిషి, సందులో ఒంటరిగా పోతున్న అమ్మాయిని అడిగితే అది కుశలప్రశ్న కాదు. ఆ అమ్మాయి జవాబు చెప్పకుండా వెళ్లిపోతే దాన్ని అమర్యాద అనకూడదు.

ఏది మామూలు, ఏది తేడా అని కనిపెట్టడానికి ముఖకవళికలు, వేషం అంతగా ఉపయోగపడవు. మాసిన లుంగీ కట్టుకున్నాయన పాలు పోయడానికి వస్తుండవచ్చు. పలకరింపు తర్వాత ఏం జరుగుతుందో చూడటం మేలు. పలకరించి తన దారిన సాగిపోయేవాళ్లతో పేచీ లేదు. పలకరించాక నడక నెమ్మదించినా, దారి మార్చి మీవైపు జరిగినా, వెనక్కి తిరిగి మీరు వెళ్లేవైపే రావడం మొదలుపెట్టినా జాగ్రత్తపడాల్సిందే. ‘రోజూ ఇటే వస్తారా, ఇంట్లో ఎవరెవరుంటారు’ లాంటి ప్రశ్నలూ అంతే. మీరు పొడిగా జవాబిచ్చినా మాట తెగనివ్వకపోవడం అన్నిటికన్నా స్పష్టమైన గుర్తు.

ఒక ఉదాహరణ చూద్దాం. మధ్యవయసావిడ నడక ముగించుకుని ఇంటికి వస్తోంది. మెడలో గొలుసుంది. బైక్ మీద ఇద్దరు వచ్చి పక్కనే ఆపారు. ఇంజను ఆపలేదు. వెనక కూర్చున్నతను ‘ఆంటీ, ఫలానా అపార్ట్‌మెంట్ ఎక్కడ?’ అన్నాడు. గొలుసు దొంగతనాల వార్తల్లో ఈ అడ్రసు అడగడం తరచూ కనిపిస్తుంది. కానీ నిజంగానే దారి తప్పినవాళ్లూ ఇలాగే అడుగుతారు. వాళ్లెవరో ఆవిడ తేల్చుకోనక్కర్లేదు, దూరం చూసుకుంటే చాలు. ఆగకుండా రెండడుగులు గోడవైపు జరిగి, అక్కడినుంచే చెయ్యి చూపించి ‘ముందు కిరాణాకొట్టు ఉంది, అక్కడ అడగండి’ అనవచ్చు. నిజంగా దారి కావాల్సినవాళ్లు సరేనని వెళ్లిపోతారు. ‘వినబడలేదు ఆంటీ’ అని బండి ఇంకా దగ్గరికి తెస్తే, ఫోన్‌లో పటం చూడమని చెయ్యి చాస్తే, అక్కడ మర్యాద చూసుకోనక్కర్లేదు. దగ్గర్లో ఉన్న గేటువైపు కదిలి, ఎవరినో ఒకరిని గట్టిగా పిలవాలి. అవసరమైతే 112కి ఫోన్ చెయ్యాలి. ఫుట్‌పాత్ లేని సందుల్లో కుడివైపు నడిస్తే ఆ పక్కన బండ్లు ఎదురుగా వస్తాయి కాబట్టి ముందే కనిపిస్తాయి. ఎడమవైపు నడిస్తే వెనకనుంచి వచ్చే బండి భుజం పక్కకు వచ్చేదాకా తెలియదు.

చీకటి పడితే ఈ అంచనాలన్నీ తగ్గిపోతాయి. ఎదుటి మనిషి ముఖం నాలుగు మీటర్ల దూరంలోనైనా పోల్చుకోగలిగేంత వెలుగు ఉండాలని వీధిదీపాల నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు. అంతకన్నా దగ్గరికి వచ్చాక మనిషిని గుర్తించినా తప్పుకోవడానికి వ్యవధి ఉండదు. మీ సందులో దీపాల కింద నిలబడి చూడండి. పదమూడు అడుగుల అవతలున్న పక్కింటాయన ముఖం ఆనకపోతే ఆ సందులో రాత్రిపూట పలకరింపులు ఆశించకండి. ఎవరైనా పలకరించకుండా పోతే నొచ్చుకోకండి కూడా.

మగవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. రాత్రివేళ ఒంటరిగా నడుస్తున్న ఆడమనిషికి మీరు ఎంత మంచివారో తెలియదు. వెనకనుంచి ‘గుడ్ ఈవినింగ్ అండీ’ అంటే ధైర్యం రాదు, గుండె ఝల్లుమంటుంది. ఇంకా పదిహేను ఇరవై మీటర్ల దూరం ఉండగానే రోడ్డు దాటి అవతలి పక్కకు మారండి. దాటడానికి వీల్లేని ఇరుకు సందైతే నెమ్మదించండి, లేదా ఫోన్ చూసుకుంటున్నట్టు కాసేపు నిలబడి ఆవిడను ముందుకు పోనివ్వండి. మీకు పోయేది ఒక నిమిషమే.

ఇక రోజూ కనిపించి, ఒక్కసారీ పలకరించుకోని మనుషుల సంగతి. మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1970ల మొదట్లో న్యూయార్క్ దగ్గరి రైల్వే ప్లాట్‌ఫారాల మీద వీళ్లనే పరిశీలించాడు. ఏళ్ల తరబడి పక్కపక్కన నిలబడి రైలెక్కుతూ మాటే లేనివాళ్లు ఎందరో కనిపించారు. మౌనం ఎన్నాళ్లు సాగితే దాన్ని విడవడం అంత కష్టమవుతుందని ఆయన గమనించాడు. వాళ్లే మరో ఊళ్లో ఎదురుపడితే మాత్రం తేలిగ్గా మాట్లాడుకుంటారట. మన సందుల్లోనూ అంతే. మూడో రోజో నాలుగో రోజో తల ఊపడం సులువు, ఏడాది గడిచాక ఎబ్బెట్టు. అలాంటప్పుడు కరెంటు పోవడమో, కుక్కలు వెంటబడటమో, వాన మొదలవడమో ఆసరా అవుతుంది. ‘అటు నీళ్లు నిలిచాయండీ, ఈ పక్కనుంచి రండి’ అన్న మాటకు ముందు పరిచయం అక్కర్లేదు.