ముట్టుకోని డాలర్లు రూపాయల్లో పెరిగితే

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉందనుకుందాం. దాని అమెరికా బ్యాంకు ఖాతాలో లక్ష డాలర్లున్నాయి. ఏడాది మొదట్లో డాలరు 83 రూపాయలు, మార్చి 31న 85. ఏడాదంతా ఆ ఖాతాలో ఎవరూ డబ్బు వేయలేదు, తీయలేదు. అయినా పుస్తకాల్లో 83 లక్షలు కాస్తా 85 లక్షలయ్యాయి.

ఈ 2 లక్షలు లాభనష్టాల ఖాతాలో లాభంగా చేరతాయి. కానీ చేతికొచ్చిన డబ్బు కాదు గనుక ఇది నగదు ప్రవాహం కాదంటుంది ఇండ్ ఏఎస్ 7 ప్రమాణం. అందుకే లాభం నుంచి మొదలుపెట్టి వ్యాపార నగదు లెక్కకట్టేటప్పుడు ఆ 2 లక్షలు తీసేయాలి. వ్యాపారం, పెట్టుబడులు, నిధుల సమీకరణ అనే మూడు భాగాలూ అయ్యాక, అడుగున ‘మారకపు రేటు ప్రభావం’ అని విడిగా ఒక వరుసలో చూపాలి. అప్పుడే తొలి నిల్వకూ తుది నిల్వకూ పొత్తు కుదురుతుంది.

పొరపాటు జరిగేది ఇక్కడే. లాభంలోంచి తీయడం మరిచి, అడుగున ఆ వరుస కూడా వేయకపోతే మొత్తం చక్కగా సరిపోతుంది! వ్యాపారం మాత్రం 2 లక్షలు ఎక్కువ నగదు తెచ్చినట్టు కనిపిస్తుంది. డాలర్ నిల్వ పెద్దదై, రేటు బాగా కదిలిన ఏడాదిలో ఆ వరుస లేకపోతే నేను తప్పకుండా అనుమానిస్తాను.