కప్పు ఎత్తితేనే వణికే చెయ్యి

కాఫీ కప్పు సాసర్ మీద గలగలలాడిందంటే ఇంట్లో చాలామందికి ముందు తట్టే పేరు పార్కిన్సన్స్. కానీ ఆ జబ్బులో వణుకు ఎక్కువగా చెయ్యి ఊరికే ఉన్నప్పుడు కనబడుతుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని టీవీ చూస్తుంటే ఒక చెయ్యి ఆడుతుంది, కప్పు కోసం చాచగానే నెమ్మదిస్తుంది. ఒళ్లో ఉన్నప్పుడు నిలకడగా ఉండి, కప్పు ఎత్తినప్పుడే వణికే చేతికి సాధారణంగా కారణాలు వేరే ఉంటాయి. అవి ఒకే చేతిలో రెండు మూడు కలిసి ఉండటం కూడా మామూలే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆవిడకు 52 ఏళ్లు. హైపోథైరాయిడ్‌కి ఏళ్ల తరబడి మాత్ర వేసుకుంటున్నారు. కిందటేడు మోతాదు 75 నుంచి 100 మైక్రోగ్రాములకు పెంచారు, ఆ తర్వాత రక్తపరీక్ష చేయించుకోలేదు. మూడు నెలలుగా చేతులు వణుకుతున్నాయి. నలుగురిలో కాఫీ అందించాలంటే మరీ ఎక్కువ. అందుకని ఇంట్లోవాళ్లు ‘ఇదంతా టెన్షన్’ అని తేల్చేశారు.

డాక్టరు ఆవిడను రెండు చేతులూ ముందుకు చాచి వేళ్లు విడదీయమని, వాటి మీద ఒక తెల్లకాగితం పరిచారు. వేళ్లలో కంటికి సరిగా కనబడని సన్నని వణుకు కాగితం అంచుల్లో రెపరెపలాడింది. నాడి నిమిషానికి 104. అరచేతులు వెచ్చగా, చెమ్మగా ఉన్నాయి. బాగానే తింటున్నా బరువు తగ్గారట. టీఎస్‌హెచ్ 0.05 వచ్చింది. మామూలుగా అది సుమారు 0.4 నుంచి 4 మధ్య ఉండాలి. అంటే మాత్ర రూపంలో అందే థైరాయిడ్ హార్మోను ఒంటికి అవసరమైనదాని కంటే ఎక్కువైంది.

సన్నని వణుకు నిజానికి అందరి చేతుల్లోనూ ఉంటుంది, మనకు తెలియదంతే. థైరాయిడ్ ఎక్కువైతే ఒళ్లు అడ్రినలిన్‌కు అతిగా స్పందించి ఆ వణుకు పైకి కనబడుతుంది. భయం, ఆందోళన, నిద్రలేమి, వరసగా తాగే కాఫీ చేసేదీ దాదాపు ఇదే. కాబట్టి టెన్షన్ అన్నమాట పూర్తిగా తప్పు కాదు. అయితే ఆందోళన ఒక్కటే కారణమైతే మనసు కుదుటపడ్డ వేళ వణుకూ దాదాపు పోవాలి. ఈవిడకు ఒంటరిగా ఉన్నప్పుడూ, తెల్లవారి లేచినప్పుడూ ఉంది.

మోతాదు తగ్గించి, ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించమన్నారు. కొత్త మోతాదు ప్రభావం టీఎస్‌హెచ్‌లో పూర్తిగా కనబడటానికి అంత సమయం పడుతుంది. వణుకుకు భయపడి మాత్ర సొంతంగా మానేస్తే మళ్లీ హార్మోను లోటు మొదలవుతుంది.

ఆరు వారాలకు టీఎస్‌హెచ్ సరైంది, గుండెదడ తగ్గింది, కాగితం నిలిచింది. కానీ నిండు కప్పు నోటిదాకా తెచ్చేటప్పుడు కాస్త పెద్ద ఊపు మిగిలింది. కాగితం మీద చెయ్యి ఆనించకుండా జిలేబీ చుట్టలాంటి గీత గీయమంటే గీత పొడుగునా అలలు వచ్చాయి. వాళ్ల నాన్నగారికీ సంతకం చేసేటప్పుడు చెయ్యి వణికేదని అప్పుడు చెప్పారు. ఆ మిగిలిన వణుకు పేరు ఎసెన్షియల్ ట్రెమర్. కదలికలను సరిచూసే మెదడు భాగాల మధ్య సంకేతాల లయ తప్పడం వల్ల వస్తుందంటారు. తరచు కుటుంబాల్లో నడుస్తుంది, సాధారణంగా రెండు చేతులకూ వస్తుంది, ఏళ్ల మీద మెల్లగా పెరుగుతుంది. కొందరిలో తల, గొంతు కూడా వణుకుతాయి. దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష లేదు. మిగతా కారణాలను పక్కకు తీశాక, చూసి నిర్ణయించాల్సిందే.

పనులకు అడ్డు రాకపోతే మందు అక్కర్లేదు. అవసరమైతే ప్రొప్రనలాల్ గానీ ప్రిమిడోన్ గానీ ఇస్తారు. అవి వణుకును తగ్గిస్తాయే తప్ప జబ్బును తీసివేయవు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రొప్రనలాల్ పనికిరాదు, ఆ సంగతి ముందే చెప్పాలి.

ఉబ్బసం వాళ్లకు ఇంకో చిక్కుంది. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీల్చిన కాసేపటికి చేతులు వణకవచ్చు. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, మానసిక వ్యాధికి వాడే లిథియం కూడా వణుకు తెస్తాయి. లిథియం వాడేవారిలో వణుకు ఒక్కసారిగా ముతకగా మారి, వాంతులు, తూలుడు తోడైతే రక్తంలో మందు మితిమీరి ఉండవచ్చు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. షుగరు మందులు వాడేవారికి ఆకలి, చెమటలతో హఠాత్తుగా వణుకొస్తే ముందు గ్లూకోజు చూసుకోవాలి.

కళ్లు తిరగడానికి నెలల తరబడి కొనుక్కుని వేసుకునే సిన్నరిజిన్ లాంటి మాత్రలది మరో దారి. అవి అచ్చం పార్కిన్సన్స్‌లాంటి వణుకునే తేగలవు. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీ రాసిచ్చిన మందులతో పాటు, చీటీ లేకుండా కొన్న మాత్రల అట్టలు కూడా సంచిలో వేసుకెళ్లాలి.